పచ్చగా ఉన్నంత మాత్రాన నడిచినట్టు కాదు

ఆ కంపెనీలో నా చివరి నెలలో ఎక్కువ భాగం ఒక నోట్‌కే పోయింది. ఉద్యోగం మానేసేవాళ్లు తమ పనిని తర్వాతి వాళ్లకు అప్పజెబుతూ రాసే నోట్ అది. రాయడం కష్టమై కాదు. అందులో ఒక పేరా ఉండాలని నేను, ఉండకూడదని మా మేనేజర్. అక్కడే కుదరలేదు.

నేను ధైర్యవంతురాలిని కాను. క్రెష్ నుంచి ఫోన్ వస్తే ఎత్తకముందే పాపకు జ్వరం అనుకుంటాను. ఇప్పుడు కూడా పక్క గదిలో పాప కదిలినట్టనిపిస్తే రాయడం ఆపి చెవి పెడుతున్నాను. కానీ ఆ పేరా దగ్గర మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెప్పాలంటే ముందు ఆ పని సంగతి చెప్పాలి.

మా క్లయింట్ ఒక ఆసుపత్రుల సంస్థ. వార్డుల నుంచి గ్లవ్స్, సెలైన్ వంటివి కావాలని సిస్టమ్‌లో అభ్యర్థనలు పెడతారు. విభాగాధిపతి ఆమోదిస్తే తప్ప ఆర్డర్ వెళ్లదు. ఆమోదం కాకుండా మిగిలిపోయిన వాటిని రోజూ రాత్రి ఒక ప్రోగ్రామ్ ఏరి, ఎవరి దగ్గర ఆగాయో వాళ్లకు గుర్తుచేసే మెయిల్ పంపుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే పై అధికారికి పంపుతుంది. డెవలపర్‌గా దాన్ని చూసుకునేది నేను.

అది మొదలవగానే డేటాబేస్‌లో 'నడుస్తున్నాను' అని ఒక గుర్తు పెట్టుకుంటుంది, ఒకేసారి రెండు సార్లు నడవకుండా. పని అయ్యాక తీసేస్తుంది. మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయిందంటే గుర్తు తీసేవాళ్లుండరు. మర్నాటి రాత్రి ప్రోగ్రామ్ లేచి, ఆ గుర్తు చూసి, ఇంకొకటి నడుస్తోంది కాబోలు అనుకుని ఏమీ చేయకుండా బయటికొచ్చేస్తుంది. అలా బయటికి రావడాన్ని విజయంగానే లెక్కిస్తుంది. తెరమీద పచ్చరంగు. ఆ తర్వాతి రాత్రీ అంతే. ఒక్క మెయిల్ కదలదు, అభ్యర్థనలు పేరుకుంటాయి, ఉదయం క్లయింట్‌కు వెళ్లే స్టేటస్ మెయిల్‌లో మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది.

దీన్ని సరిచేయాలని పనుల జాబితాలో టికెట్ పెట్టాను. ప్రతి ప్లానింగ్ మీటింగ్‌లోనూ అది తర్వాతి విడతకు జరిగేది. ఆకుపచ్చగా ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతారని మేనేజర్ అనేవారు.

ప్రసవానికి సెలవు మీద వెళ్లేటప్పుడు కూడా ఇలాగే నోట్ రాసి ఇచ్చాను. 'పచ్చగా ఉన్నంత మాత్రాన నడిచినట్టు కాదు' అన్న వాక్యంతో మొదలయ్యే పేరా అందులో ఉంది. నేను పాపకు పాలు పట్టే రోజుల్లో ఒక రాత్రి సర్వర్‌కు అప్‌డేట్‌లు వేసి రీస్టార్ట్ చేశారు. సరిగ్గా ఆ ప్రోగ్రామ్ నడుస్తున్న వేళ. ఒక ఆసుపత్రిలో సామాను నిండుకుని ఎవరో గొడవ పెట్టేదాకా ఎవరికీ తెలియలేదు. తిరిగి వచ్చాక నా పనితీరు సమీక్ష చూస్తే, పని సరిగా అప్పజెప్పకుండా వెళ్లిందని రాసి ఉంది. రేటింగ్ తగ్గింది. నోట్ తెరిచి చూశాను. ఆ పేరా లేదు. క్లయింట్ చదివే ఫోల్డర్‌లో పెట్టే ముందు మేనేజర్ తీసేశారు. అడిగితే దాచలేదు కూడా. క్లయింట్ అనవసరంగా కంగారు పడతారని తీశాను అన్నారు, అన్నంలో రాయి ఏరినంత మామూలుగా.

అందుకే ఈసారి తగ్గలేదు.

నా పని తీసుకునే అమ్మాయి నిజాంపేటలో హాస్టల్‌లో ఉంటుంది, జనగామ వైపు పిల్ల. రెండో రోజే నన్ను అడిగింది, "అక్కా, ఇది ఫెయిలైతే ఎట్ల తెలుస్తది మనకు?" ఆ ప్రశ్న అడిగేవాళ్లు దొరకడమే అదృష్టం. తెలియదు, అదే దీని రోగం అన్నాను. పేరా మళ్లీ రాశాను, ఈసారి ఇంకా వివరంగా. మెయిళ్లు ఆగిపోతే, ముందు నిజంగా ఏదీ నడవడం లేదని చూసుకోవాలి. తర్వాత గుర్తు తీసేయాలి. వెంటనే మళ్లీ నడపకూడదు. ఎవరికి మెయిల్ వెళ్లిందో ప్రోగ్రామ్ చివర్లో ఒకేసారి రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆగితే వెళ్లినవి కూడా వెళ్లనట్టే కనిపిస్తాయి. మెయిల్ లాగ్ చూసి వాటిని చేత్తో నమోదు చేయకపోతే అవే మనుషులకు రెండోసారి మెయిళ్లు పోతాయి.

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచారు. గోదావరి జిల్లాల మనిషి, గొంతు పెంచడం ఎరగరు.

"వెళ్లిపోయేవారు, మీకెందుకండీ ఇదంతా? పోనీ వైఫల్యం అనకుండా పరిశీలన అని రాయండి, ఒక్క లైనులో."

మా ఆఫీసులో ఏదీ ఫెయిలవదు, అన్నీ పరిశీలనలే. నేను మార్చను అన్నాను. ఆయన లాప్‌టాప్ వైపు చూస్తూ, నా రిలీవింగ్ లెటర్‌కు తాను ఆమోదం తెలపాల్సి ఉందని మాత్రం గుర్తుచేశారు. నేను చేరబోయే కొత్త కంపెనీ మొదటి రోజునే ఆ లెటర్ అడుగుతుంది. కొండాపూర్ ఇంటి కిరాయి, క్రెష్ ఫీజు, అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. అయినా "మీరు తీసేస్తే నేను మళ్లీ పెడతానండి" అని బయటికొచ్చాను.

ఆయన తీసేశారు. నేను పెట్టాను. మళ్లీ తీసేసి, నాకు మార్చే అధికారం లేకుండా ఫైల్‌కు తాళం వేశారు.

ఇంట్లో మా ఆయన, పేరా కోసం కొత్త ఉద్యోగం పోగొట్టుకుంటావా అన్నారు. అప్పుడు నాకు రివర్స్ కేటీ గుర్తొచ్చింది. పని నేర్చుకున్నవాళ్లు తామేం నేర్చుకున్నారో తిరిగి చెప్పి చూపించే మీటింగ్ అది. క్లయింట్ వైపు నుంచి కూడా ఒకరు ఉంటారు. నోట్‌కు తాళం వేయొచ్చు, ఆ అమ్మాయి నోటికి వేయలేరు కదా.

కానీ ఇరుక్కునేది ఆమె. అక్కడ ఉండాల్సింది ఆమె. అదే చెప్పాను, వద్దనుకుంటే నేనే మాట్లాడతానని.

"ఇప్పుడు చెప్పకుంటే రేపు నా మీద రాస్తరు గదక్కా. నీ మీద రాసినట్టే," అంది. "నేనే చూపిస్త. అడిగితే నువ్వు పక్కనుండు చాలు."

ఆన్‌లైన్ మీటింగ్‌లో ఆమె టెస్ట్ సర్వర్ మీద ప్రోగ్రామ్ నడిపింది, సగంలో ఆపేసింది, మళ్లీ నడిపింది. పచ్చరంగు వచ్చింది. మెయిళ్ల ఫోల్డర్ తెరిచి చూపించింది. కొత్తది ఒక్కటీ లేదు. క్లయింట్ తరఫు ఆవిడ, ఇది నోట్‌లో ఎక్కడుందని అడిగారు. మేనేజర్ ఏదో పరిశీలన అనబోయారు. నేను మైక్ ఆన్ చేశాను.

"పరిశీలన కాదండీ. వైఫల్యం. నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తీసేశారు. నా దగ్గర రెండు ప్రతులూ ఉన్నాయి."

రెండింటినీ తెరమీద పక్కపక్కన తెరిచాను.

ఆవిడ పేరాను యథాతథంగా పెట్టమన్నారు. టికెట్‌ను తర్వాతి విడతకు జరపొద్దన్నారు. మేనేజర్ నాతో మాట్లాడటం మానేశారు. రిలీవింగ్ లెటర్‌కు ఆమోదం చివరి రోజు వరకూ రాలేదు. ఆ రోజు నేనే హెచ్‌ఆర్ దగ్గరికెళ్లి, ఎందుకు ఆగిందో రాతపూర్వకంగా ఇమ్మన్నాను. రాసి ఇవ్వాల్సి వచ్చేసరికి ఆమోదం వచ్చేసింది. రేటింగ్ మాత్రం ఎవరూ సరిదిద్దలేదు. సరిదిద్దుతారని ఎదురుచూడలేదు కూడా.

నేను వెళ్లే ముందు మేనేజర్ ఒక్కటే అన్నారు, ఎక్కడా ఇలా ఉండకండమ్మా, కష్టం అని. సలహాకు థాంక్స్ చెప్పాను. కొత్త చోట మొదటి వారంలోనే రాత్రి నడిచే ప్రోగ్రామ్ ఒకటి నాకు అప్పజెప్పారు. నోట్ ఇచ్చారు. చదివి, ఇది ఫెయిలైతే ఎలా తెలుస్తుందని అడిగాను. తెరమీద పచ్చగా ఉంటే నడిచినట్టే అన్నారు. తెలిసేదాకా నేను తీసుకోను అన్నాను.