గంజి పెట్టిన గుడ్డలు

"అవ్వా, నువ్వు అత్త మీద అరిచినావంట, నిజమేనా?" అని ఫోన్లో అడిగి మీరిద్దరూ నవ్వారు. నిజమే. నా గొంతు ఈ ఇంట్లో వంటింటి గడప దాటి ఎరగదు. ఆ రోజు వీధి గేటు దాకా పోయింది. ఎందుకో చెబుతాను, నవ్వకుండా వినండి.

నా కోడలు, అదే మీ అత్త, ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు తెప్పించింది. నీలివి అద్దాలకూ టీవీకీ, పసుపువి వంటగట్టుకూ. మీ తాత పాత పంచెలు చించి నేను అంచులు కుట్టి పెట్టుకున్న నూలు గుడ్డలన్నీ మూటగట్టి చెత్తబండిలో వేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. కోపం వచ్చింది, మింగాను. కొత్త గుడ్డలు మంచివే, కాదనను. కర్నూలు ఎండాకాలం దుమ్మును నూలు గుడ్డతో పొడిగా తుడిస్తే సగం గాల్లోకి లేచి మళ్లీ అక్కడే వాలుతుంది. ఇవి తడి లేకుండానే దుమ్మును పట్టేస్తాయి. అద్దం మీద పోగు కూడా మిగల్చవు.

రెండు వారాలకు గట్టు పాడైంది. నల్ల గ్రానైట్ గట్టు అది. తడిగా ఉన్నంతసేపు నిగనిగలాడేది, ఆరగానే తెల్ల చారలు తేలేవి. టీవీ మీదా అంతే. మీ అత్త నేరుగా పనామె మీద పడింది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న మనిషి.

"ఏమ్మా, మురికినీళ్లతోనే తుడుస్తాండావా? ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"లేదమ్మా, రెండుసార్లు నీళ్లు మార్చినా. ఆరినాక తెల్లగా లేస్తాంది, నేనేం చేసేది?"

"గట్టు కొత్తది, గుడ్డలు కొత్తవి. ఈడ పాతది నువ్వొక్కదానివే!"

ఆ మాటకు నా ఒళ్లు మండింది. అయినా నోరు తెరవలేదు.

తర్వాత మీ అత్త కాగితం రోల్ తెచ్చి ఇచ్చింది. నూనె ఒలికితే అద్ది పారేయడానికి కాగితం బాగానే ఉంటుంది. కానీ తడి గట్టంతా రుద్దేసరికి పీలికలై రాయికి అంటుకుంది. నాలుగు రోజులకే రోల్ అయిపోయింది, మళ్లీ గుడ్డలే చేతికొచ్చాయి. మళ్లీ చారలు. "వచ్చే నెల నుంచి ఆమెను వద్దంటాను" అని మీ అత్త మీ మామతో అనడం నేను విన్నాను. ఆమె పనిచేసేది మా ఒక్క ఇంట్లోనే.

మరునాడు పొద్దున పనామె పెరట్లో పసుపు గుడ్డను నానబెట్టి పిండింది. నీళ్లు పాలలాగా దిగాయి.

"పెద్దమ్మా, ఇది చూడు. నిన్న ఆరేస్తే అప్పడం మాదిరి బిగిసింది. ఇప్పుడు జిగురుగా ఉండాది."

చేతిలోకి తీసుకుని వాసన చూశాను. పులిసిన గంజి.

శుక్రవారం నా నూలు చీరలకు గంజి పెడతాను కదా. చారలు మొదలయ్యే ముందటి శుక్రవారం తీగ మీద ఈ గుడ్డలు మెత్తగా వేలాడుతుంటే, పాపం సత్తువ పోయిందనుకుని బకెట్లో మిగిలిన గంజిలో అన్నీ ముంచి ఆరేశాను. ఆ పోగుల సందుల్లో గంజి నిండిపోయింది. ఇంకా దుమ్మెక్కడ పట్టుకుంటాయి? తడి చేసినప్పుడల్లా కాస్త కాస్త కరిగి గట్టుకు పూసుకుంది.

ఆ పొద్దున్నే చెప్పాల్సింది. కోడలు ఏమంటుందోనని సాయంత్రం దాకా దాచాను. సాయంత్రం పనామె చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి పోగానే, మీ అత్త "ఆగమ్మా, నీతో మాట్లాడల్ల" అంది. అప్పుడు అరిచాను.

"గంజి పెట్టింది నేను! ఆమె కాదు!"

మీ అత్త నా వైపు చూసి పకపకా నవ్వింది. "వాటికి గంజి యాడన్నా పెడతారా అత్తమ్మా? శానా బాగుంది మీ పని!"

"ఎందుకు నవ్వుతాండావు?" అన్నాను. "ఆమె చేసిందనుకున్నప్పుడు పని మాన్పిస్తానంటివి. నేను చేసినానంటే నవ్వొస్తాందా?"

నవ్వు ఆగింది. "సారీ అత్తమ్మా."

"నాకెందుకు? గేటు కాడ నిలబడుకోనుండాది చూడు, ఆమెకు చెప్పు."

"రేపు చెప్తాలేండి."

"తిట్టినప్పుడు రేపని ఆగినావా? పో, ఇప్పుడే చెప్పు."

వెళ్లింది. తల వంచుకునే చెప్పింది, కానీ చెప్పింది. పనామె కొంగు సర్దుకుంది. తర్వాత, "వచ్చే నెల కూడా వస్తానమ్మా. శుక్రవారం మాత్రం ఆ గుడ్డలు మా ఇంటికి తీస్కపోతా, పెద్దమ్మ చేతికి దొరక్కుండా" అంది.

ఆ గుడ్డలను నేనే నాలుగుసార్లు గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, వేరే బట్టలతో కలపకుండా ఉతికాను. చారలు పోయాయి. మీ అత్త మీద కోపం కూడా చాలావరకు పోయింది. ఆ పొద్దున గంజి వాసన తెలిసీ సాయంత్రం దాకా నోరు మూసుకున్నాను చూడండి, నా మీద నాకున్న ఆ కోపం ఇంకా పోలేదు.