సల్లగున్నది

జడ్చర్ల దగ్గరి సీతాఫలం గుజ్జు యూనిట్లో, ఫ్రీజర్ నుంచి సరుకు తీసి లారీకెక్కించే పని ఎనిమిదేళ్లుగా జంగమ్మదే. ఈసారి గుజ్జు కరిగి నల్లబడిందని ముంబైవాళ్లు తిప్పిపంపారు. లారీ ఉష్ణోగ్రత రికార్డులో దారిపొడవునా మైనస్ పద్దెనిమిది డిగ్రీలు ఉండాల్సింది, పద్దెనిమిది గంటలపాటు ప్లస్ ఎనిమిది ఉంది.

ఎందుకలా జరిగిందో చెప్పి, నష్టానికి బాధ్యత తమదేనని రాసివ్వమంటూ లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు యూనిట్ లెటర్ పెట్టింది. జవాబు కోసం జంగమ్మే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వెళ్లింది.

మేనేజర్ లోడింగ్ కాగితం చూపించాడు. “రికార్డు బండిల గాలిది అమ్మా. గుజ్జు ఎంత సల్లగ ఎక్కిచ్చిన్రో ఈడ అంకె లేదు. ‘సల్లగున్నది’ అని రాసిన్రు. మా బాధ్యత అని ఎట్ల ఒప్పుకుంటం?”

“చెయ్యి పెట్టి చూసిన సారూ! ఎనిమిదేండ్ల సంది గట్లనే చూస్తున్న, ఎన్నడన్న తప్పిందా? లారీల కూలింగ్ మిషిన్ ఎందుకు బంద్ జేసిన్రో గది చెప్పుండ్రి!”

అతను చాయ్ తెప్పించాడు. జంగమ్మ కోపంగా గ్లాసును గుప్పిట్లో బిగించింది.

“కాలుతలేదా అమ్మా?” అన్నాడు మేనేజర్.

ఆమె చేతివైపు చూసుకుంది. ఫ్రీజర్ పనిలో మొద్దుబారిన వేళ్లు ఎర్రగా కందిపోయాయి. ఆమెకేమీ తెలియలేదు.