కొండ మీద కుంగిన కేకు

“పౌడర్ ఎంత వేసినవ్?”

“నువ్వు వేసేదాంట్ల సగానికి జర ఎక్కువ.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ముప్పై ఏళ్ల కాపురం బేకింగ్ పౌడర్ దగ్గర ఆగిపోయింది. ఎవరన్నా అడిగితే చెప్పడానికి రోతగా ఉంటుంది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లె బిడ్డ రాస్తోంది.

మా ఆయన తాండూరులో బేకరీ మాస్టర్. పరిగి నుంచి, వికారాబాద్ నుంచి పుట్టినరోజు కేకులకు మనుషులు వచ్చేవాళ్లు. కిలో మైదాకు కిలో చక్కెర, కిలో డాల్డా, ఇరవై గుడ్లు, నాలుగు చిన్న చెంచాల పౌడర్. ఆ లెక్క ఏనాడూ మారలేదు. మాస్టర్ అన్న పిలుపు తప్ప ఆయనకు ఇంకో ఆస్తి లేదు. ఆ బేకరీ మూతపడింది. పరిగి వాడే ఒకాయన ఊటీలో హోటల్ నడుపుతూ ఉన్నాడు. మన దిక్కు మాస్టర్ కావాలని పిలిచాడు. ఆయన పిండి కలపడానికి, నేను గుడ్లు కొట్టడానికి, ట్రేలకు నూనె రాయడానికి, ఇద్దరం పోయాం.

మొదటి రోజు కేకు భట్టీలో చూస్తుండగానే ఉబ్బింది. తాండూరులో కూడా అంత ఎత్తు లేవలేదు. ఆయన మీసం దువ్వుకున్నాడు. ఇంకా బయటికి తియ్యకముందే నడుమ కుంగిపోయింది. అంచులు ట్రే మీద నుంచి పొర్లి మాడాయి, నడిమిలో బంక. పైపొర వేలికి జిగురులా అంటుకుంది.

“పౌడర్ పాతది. పాతబడితే బలం పోతది,” అన్నాడు.

తాండూరులో అయితే అది నిజమే. వానాకాలం డబ్బా మూత సరిగా పెట్టకపోతే పౌడర్ చచ్చిపోతుంది, కేకు లేవదు, ఇంకో చెంచా వేస్తే సరి అవుతుంది. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన విద్య అది. కానీ అక్కడ కేకు లేవకపోవడం కాదు కదా. లేచి పడుతోంది. ఆ తేడా నా కంటికి కనిపించింది, ఆయన కంటికి కనిపించలేదు. కొత్త డబ్బా తెప్పించి ఐదు చెంచాలు వేశాడు. ఇంకా తొందరగా లేచి ఇంకా లోతుగా కుంగింది. తర్వాత ఆరు వేశాడు. నోట్లో పెట్టుకుంటే సబ్బు నాకినట్టు చేదు.

పారేస్తే హోటల్ సేటు చూస్తాడని ఆ కుంగినవన్నీ పొడిపొడిగా చూర చేసి, పాకం పోసి, కోకో కలిపి ఉండలు చుట్టించాడు. నా చేతులతోనే చుట్టాను. నాలుగు రోజుల చూర పులిసిన వాసన వేస్తుంటే, ఊటీ చూడవచ్చిన వాళ్ల పిల్లలు వాటిని ఆబగా తిన్నారు. నాకు అన్నం ముద్ద దిగలేదు. గోళ్ల కింద ఆ కోకో ఎంత కడిగినా పోయేది కాదు.

సేటు ఒకనాడు ఆ ఉండ ఒకటి విరిచి వాసన చూశాడు.

“ఏం మాస్టరూ, గిది మనుషులు తినేదేనా? ఆదివారం టూరు బస్సోళ్లకు నలభై మందికి కేకు చెప్పిన. అది నిలబడకపోతే మీరిద్దరు సామాను సర్దుకోండ్రి.”

“భట్టీ మంచిగ లేదు సేటు,” అన్నాడు మా ఆయన.

“ఇంతకుముందు ఉన్నాయన గిదే భట్టీల చేసిండు గద?”

మా ఆయన భట్టీ తలుపు ఊరికే తెరిచి మూశాడు. తాండూరులో ఆయనను ఎవరూ అట్లా అడగలేదు. తిరిగిపోతే మాస్టర్ కాదు, ఎవరో ఒకరి దగ్గర ట్రేలు మోయాలి.

హోటల్లో గిన్నెలు తోమే ముసలామె కన్నడం మాట్లాడేది. తాండూరు బజార్లో అటు దిక్కు వాళ్ల మాట వినీవినీ నాకు అర్థమయ్యేది. వెనక పొయ్యి మీద మా ఊరి కందిపప్పు గిన్నెలో పెట్టి కూర్చున్నాను. నీళ్లు బుడబుడ మరుగుతూనే ఉన్నాయి, పప్పు మాత్రం గులకరాళ్లలా ఉంది. ఆమె నవ్వింది. ఇక్కడ కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి అంది. కేకూ అంతే, ఎత్తు మీద గాలి పలచన, పైన అదిమే బరువు తక్కువ, పౌడర్ పుట్టించే గాలి పట్టపగ్గాల్లేకుండా ఉబ్బుతుంది, పిండి గట్టిపడక ముందే పగిలి కూలుతుంది అని చెప్పింది. పౌడర్ తగ్గించు, చక్కెర తగ్గించు, తడి పెంచు. పాత మాస్టర్ దగ్గర పదేళ్లు చూసిందట.

ఆయనకు చెప్పాను.

“బోళ్లు తోమేదాని దగ్గర నేర్చుకోవాల్నా నేను? పనికిరాని మాటలు పెట్టకు,” అన్నాడు.

శనివారం ఆయన బజారుకు పోయినప్పుడు పావు కిలో మైదాతో చేశాను. పౌడర్ ఒక్కటే తగ్గించాను. కేకు కుంగలేదు కానీ ఎండిపోయి, పైపొర మళ్లీ జిగురు. అక్కడ తడి తొందరగా ఆవిరైపోతుంది, మిగిలిన చక్కెర చిక్కబడి పిండిని గట్టిపడనివ్వదు. రెండోసారి చక్కెరలో ఒక గుప్పెడు తీసేశాను. ఐదు గుడ్లకు ఇంకొకటి కలిపాను, అర చాయ్ గ్లాసు పాలు పోశాను. గాలి ఎక్కువ పట్టకూడదని గుడ్లు నురగ కట్టేదాకా గిలకొట్టలేదు. భట్టీ కొంచెం ఎక్కువ వేడెక్కాక పెట్టి, తొందరగా తీశాను. పిండి పడిపోయేలోపు గట్టిపడాలి, అంతే.

నిలబడింది. నడుమ వేలితో నొక్కితే మళ్లీ పైకి వచ్చింది.

ఆయన వచ్చి చూశాడు. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. అప్పుడే పౌడర్ ఎంత వేసినవని అడిగాడు, నేను ఆ జవాబు చెప్పాను. ఆయన నమలడం ఆపి, ఆ ముక్కను నా కాళ్ల ముందు నేల మీద ఉమ్మేశాడు. బాగున్న కేకు. చేదు లేదు, బంక లేదు. ఆరు చెంచాల సబ్బు కేకును మింగిన నోరు దాన్ని ఉమ్మేసింది. నేను తుడిచాను. 

సంచీ తీసుకుని బస్సెక్కాడు. రమ్మని పిలవలేదు, నేనూ ఆగమనలేదు. ఆదివారం కేకులు నేనే చేశాను. నలభై మంది తిన్నారు. సేటు, “మాస్టర్‌కు చెప్పు, మస్తున్నదని,” అన్నాడు. ఆయన లేడని చెప్పలేదు. చెబితే నా పని కూడా పోతుందనుకున్నాను. ఆ అబద్ధం కూడా నాదే.

ఆయన బెంగళూరు నుంచి రైల్లో వచ్చి తాండూరు స్టేషన్లో దిగి బెంచీ మీద కూర్చున్నాడట. గుండె ఆగిపోయింది. కబురు అంది నేను వచ్చేసరికి ఇంటి ముందు నేల మీద పడుకోబెట్టారు. ఏడ్చిన వాళ్లందరూ మంచి మాస్టర్ అన్నారు. మంచి మాస్టరే. నాలుగు చెంచాల నుంచి ఒకటిన్నర తీసెయ్యడానికి ప్రాణం ఒప్పుకోలేదు. నాకు ఏడుపు వచ్చింది, దానితో పాటే ఆ ఉమ్మూ గుర్తొచ్చింది. రెంటినీ విడదీయడం నావల్ల కావడం లేదు. ఆయన మీద కోపమా, నా మీద అసహ్యమా, ఇప్పటికీ తేలలేదు.

మా చెల్లె బిడ్డ రాయడం ఆపింది.

“పెద్దమ్మా, ఉమ్మిన సంగతి తీసేద్దామా? పోయిన మనిషి గద.”

“తీసెయ్యకు. అబద్ధం చెప్పిన నన్ను కూడ ఉంచు. ఏం రాసినవో నాకు తెల్వది బిడ్డా. మెల్లగ మొత్తం చదివి వినిపియ్యి.”