ఆపిన వలసకు కంపెనీ పేరు

ఉపాధి హామీ పనుల్లో కృష్ణవేణమ్మ టేపు పట్టిందంటే కందకం కొలత ఒక్క వేలు కూడా తప్పేది కాదు. కోసిగి మండలంలో పదహారేండ్లు చేసిన పని అది. ఏటేటా కాంట్రాక్టు పొడిగించడమే గానీ పర్మినెంటు కాలేదు. నలభై నాలుగేళ్లొచ్చాక, ఇంక ప్రైవేటుకు పోదామని రాజీనామా ఇచ్చింది. నెల రోజుల నోటీసు.

ప్రొఫైలు రాసేదానికి రాజశేఖర్ ఉన్నాడు. ఒకప్పుడు ఆమె ఆఫీసులోనే కంప్యూటర్ ఆపరేటరు. కూలీల హాజరు రాసే మస్టర్ ఎట్లా వేయాలో అతనికి ఆమే నేర్పింది. ఇప్పుడు కర్నూల్లో కంపెనీలకు మనుషుల్ని చూసిపెడతాడు. ఒక ఆదివారం అతని గదిలో ఇద్దరూ కూర్చున్నారు.

"ఏం చేసినావో చెప్పక్కా."

"మస్టర్లు వేయించినా."

"మస్టరంటే కంపెనీకేం తెలుస్తాదక్కా? రోజుకు మూడువేల ఎనిమిదొందల మంది హాజరు చూసినావు. అట్ల రాయల్ల."

సామాజిక తనిఖీలో గ్రామసభ ముందు నిలబడి జవాబు చెప్పింది 'ఆడిట్ కంప్లయన్స్' అయింది. చెరువు కట్ట మీద సర్పంచులతో పెట్టుకున్న కొట్లాటలన్నీ కలిసి 'స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్' అయినాయి.

"కొట్లాటకు ఇంత మంచి పేరుందని తెలిస్తే ఇంకా రెండు పెట్టుకుందును గదరా!" అని ఆమె నవ్వింది.

చివరన తనకు అన్నిటికంటే ఇష్టమైన పని చెప్పింది. దసరా అయ్యీ కాకుండానే కూలీల కోసం లారీలొచ్చేవి. ఆమె అంతకు ముందే ఊరూరా తిరిగి, పని కావాలని అర్జీలు రాయించి, పనులు తెరిపించేది. మూడు ఊర్లలో రెండువందల పన్నెండు కుటుంబాలు వలస మానుకున్నాయి.

"బంగారట్లా మాటక్కా ఇది. వాళ్ల భాషలో నేను పెడతా. నీ పని గురించి చెప్పేదానికి ఆరుమంది మేట్ల నంబర్లు గూడా ఇయ్యి."

ఊర్లలో కూలీల గుంపులను నడిపే ఆ మేట్ల నంబర్లు ఆమె ఇచ్చింది. ఇంగ్లీషు కాగితం చేతికొచ్చాక, అలవాటు కొద్దీ అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. మాటలు అతనికే వదిలేసింది.

దసరా దాటిన శుక్రవారం ఇంటర్వ్యూ. కంపెనీ బెంగుళూరులో కట్టడాలకు కూలీలను పంపేదని కుర్చీలో కూర్చున్నాక గానీ తెలియలేదు. రాజశేఖర్ 'కన్‌స్ట్రక్షన్ కంపెనీ' అనే చెప్పినాడు.

మేనేజరు మర్యాదగా అడిగినాడు. "మేడం, మీ చేతికింద మూడువేల ఎనిమిది వందల మంది ఉన్నారు. ఈ సీజన్‌లో ఎంతమందిని పంపగలరు?"

ఆమె కాగితం ముందుకు లాక్కుని ఒక్కో మాటా చదివింది. 'సీజన్‌కు ముందే గ్రామీణ కార్మికుల సమీకరణ: మూడు గ్రామాలు, 212 కుటుంబాలు.' అంకె సరిగ్గానే ఉంది. వలస ఆగిందన్న మాటే యాడా లేదు.

"నేను వీళ్లను పోకుండా ఆపినాను సార్."

"అదే మేడం. మీరు ఉండమంటే ఉన్నారు, పొమ్మంటే పోరా? మీ మేట్లతో మావాళ్లు అప్పుడే మాట్లాడినారు."

ఉద్యోగం వద్దని చెప్పి, నేరుగా రాజశేఖర్ గదికి పోయింది.

"ఒక్క అబద్ధం రాసినానా అక్కా? ఒక్క అంకె మార్చినానా?"

"అంకె మార్చలేదు. ఆపినానన్న మాట తీసేసినావు."

"వాళ్లకు ఆపేవాళ్లెందుకక్కా? నీకు ఉద్యోగం కావాలంటివి, చూసిపెడితి."

"మేట్ల నంబర్లు నా పని గురించి అడిగేదానికన్నావు. కూలీలకని ముందే తెలుసు గదా నీకు?"

అతను కంప్యూటర్ వైపు తిరిగినాడు. మస్టర్‌లో తప్పు దొరికిన రోజుల్లోనూ అట్లే తిరిగేవాడు. అప్పుడు ఆమె దిద్ది చూపించేది. ఇప్పుడు లేచి వచ్చేసింది.

మేట్లకు ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే కందకాల దగ్గరికి పోయింది. మేటు ఉరుకుందు హాజరు ఫోటో తీస్తున్నాడు. ఫోటోలో మనుషులు పలచగా ఉన్నారు.

"లారీ రాకముందే పని తెరిపించేదానివి. ఇప్పుడు లారీనే నువ్వు పంపిస్తివంట గదా?"

"నేను పంపలేదు ఉరుకుందూ. నాకు తెలీకుండా నీ నంబరు ఇంకొకరి చేతికి పోయింది. ఆ ఉద్యోగంలో నేను చేరలేదు."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నిన్న మాపటికే పదకొండు ఇండ్లోళ్లు పోయిరి మేడం. కంపెనీ పేరు చెప్తే ఎవరూ కదల్లేదు. అందులో అక్క ఉండాది అన్నాకే ఎక్కినారు."

పదహారేండ్లలో ఉరుకుందు ఆమెను మేడం అనడం అదే మొదలు.

ఆమె కందకం గట్టు మీద కూర్చుని సంచిలోంచి ప్రొఫైలు తీసింది. తీసేసిన మాటను తెలుగులోనే పెన్నుతో రాసింది: వలస ఆపినాను. తర్వాత 212 కొట్టేసి, పక్కన 201 వేసింది. కాగితం మడిచి సంచిలో పెట్టి, టేపు తీసుకుని కందకంలోకి దిగింది. నోటీసు ఇంకా పదిరోజులుంది. రెండో కొన పట్టుకునేదానికి మామూలుగా ఉరుకుందు వచ్చేవాడు. ఆ రోజు రాలేదు. కొన మీద రాయి పెట్టి, ఒక్కతే కొలుచుకుంటూ పోయింది.