సోమవారం వెళ్ళిన సంచీ

ఎడమ కాలి బొటనవేలు ఒకటి. పందొమ్మిది రోజుల కూలి. నా భార్య చెవి దుద్దులు ఒక జత, వాటి మీద రెండు నెలల వడ్డీ. కొత్త తోలు చెప్పులు, వాటిలో ఒకదానికి ఇక పని లేదు. హార్బరులో తాడు తెగి ఎరువు బస్తాలు నా పాదం మీద పడిన రోజు నుంచి నేను పోగొట్టుకున్నవి ఇవి. బస్తాల లెక్క రాసే టాలీ గుమాస్తాను కాబట్టి పోయినవాటినీ అలాగే రాసుకున్నాను.

ఎనభైల మొదట్లో మా పనివాళ్ళ సంఘం ఒక ఇన్సూరెన్సు కంపెనీలో గ్రూపు పాలసీ తీసుకుంది. ఆసుపత్రిలో చేరితే, నిండిన ప్రతి ఇరవైనాలుగు గంటలకూ ముప్పై రూపాయలు. నేను బుధవారం ఉదయం తొమ్మిదింటికి నర్సింగ్ హోములో చేరి, ఆ తర్వాత రెండో మంగళవారం మధ్యాహ్నం బయటికి వచ్చాను. పదమూడు రోజులు. దుద్దులు విడిపించడానికి ఆ డబ్బే ఆధారం.

దరఖాస్తు నేనే రాశాను. పదమూడు రోజులకు మూడువందల తొంభై రూపాయలు చెల్లించగోరుతున్నానని. డిశ్చార్జి సమ్మరీ అసలు ప్రతి, బిల్లు, చేరినప్పటి చీటీ జతపరిచానని. చెక్కు మీద వేయడానికి బ్యాంకు పేరు, బ్రాంచి, ఖాతా నెంబరు ఇవి అని. రెండుసార్లు చదువుకుని ఇచ్చి వచ్చాను.

వారం తర్వాత క్లెయిముల గుమాస్తా పిలిపించాడు. సబ్బవరం వైపు రైతుబిడ్డ, నా ఈడువాడు. సమ్మరీలో డిశ్చార్జి తేదీ సోమవారం అని ఉంది, బిల్లులో మంచం అద్దె మంగళవారం దాకా ఉంది, ఏది నిజమని అడిగాడు.

అప్పుడు చెప్పక తప్పలేదు. రోగి మంగళవారం ఇంట్లో అడుగుపెట్టకూడదని మా అత్తగారి పట్టుదల. డాక్టరు పంపించేది మంగళవారమే. అందుకని ఆవిడ సోమవారం నా బట్టల సంచీని బయటికి పంపి, గేటు దగ్గర ఇడ్లీ కొట్లో పెట్టించింది. మనిషికంటే ముందు సామాను కదిలితే ప్రస్థానం పెట్టేసినట్టే, ఇక మంగళవారం దోషం లేదు. అంతటితో ఆగక, కాగితంలో కూడా సోమవారమే వెళ్ళినట్టు రాయమని వార్డు గుమాస్తాను బతిమాలింది. అతను రాశాడు. డాక్టరు తేదీ చూడకుండా సంతకం పెట్టాడు.

క్లెయిముల గుమాస్తా పక్క బల్లలవాళ్ళకు కూడా వినిపించేలా అన్నాడు: "అయితే సోమారం డిస్చార్జి అయింది సంచీ. పాలసీ నీకుంది గానీ సంచీకి లేదు గదా బావా."

ఆఫీసంతా నవ్వింది. నేను కుంటికాలితో నిలబడే ఉన్నాను, కుర్చీ చూపించలేదు.

డాక్టరు సంతకంతో తేదీ దిద్దించి తెస్తే మిగతా ఒక్క రోజూ ఇస్తానన్నాడు. రూలు అదే, అందులో తప్పు లేదు. నర్సింగ్ హోముకు వెళ్ళాను. వార్డు గుమాస్తా నన్ను మెట్ల కిందికి తీసుకెళ్ళి, "డాక్టరుగారికి తెలిస్తే నా ఉద్యోగం ఉండదు బాబూ, ముగ్గురు పిల్లలు," అన్నాడు. మా ఇంటి ముసలిదాని మాట కాదనలేక చేసినవాడు. దిద్దించకుండానే వచ్చేశాను.

పన్నెండు రోజులకు మూడువందల అరవై. ఓచరు మీద రెవిన్యూ బిళ్ళ అంటించి, సంతకం కింద "ఇంకా ఒక రోజుది రావాలి" అని రాశాను. క్లెయిముల గుమాస్తా దాన్ని చింపి ఇంకో ఓచరు ఇచ్చాడు. "పూర్తిగా ముట్టింది అని ఉంటేనే చెక్కు. ఏటి సేత్తావో సేసుకో." దుద్దులు గుర్తుకొచ్చి సంతకం పెట్టాను.

ఆ నెల నుంచి మా సంఘంలో ఎవరు ఆసుపత్రిలో చేరినా వాళ్ళ కాగితాలు నేను రాశాను. యారాడ నుంచి ఓడల సరుకు దించడానికి వచ్చే కళాసీలకు కూడా. మంచం ఎక్కిన గంట, దిగిన గంట రాసిపెట్టుకోమన్నాను. వెళ్ళేముందు సమ్మరీ తేదీ, బిల్లు తేదీ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే ఉండాలన్నాను. ఎక్కడైనా ఒక రోజు కోస్తే, కారణం రాతపూర్వకంగా అడుగుతూ అదే రోజు ఉత్తరం, దాని నకలు పై ఆఫీసుకు. ఆ క్లెయిముల గుమాస్తా కూడికల్లో తప్పులు వెతికాను, దొరికాయి. పై ఆఫీసు నుంచి అతనికి మెమో వచ్చిందని తెలిసిన రోజు ఇంటికి మిఠాయి తీసుకెళ్ళాను. ఎందుకని భార్య అడిగితే చెప్పలేదు.

నలభై ఒక్క క్లెయిములు. ఒక్క రోజు కూడా పోలేదు. వాళ్ళ మేలు కోరి చేశానని సంఘంలో శాలువా కప్పారు. వాళ్ళకు మేలు జరిగింది, నిజమే. నేను రాసింది మాత్రం ప్రతిసారీ అతని ముఖం తలచుకునే.

రెండేళ్ళకు అతనే మా టాలీ షెడ్డుకు వచ్చాడు. మనిషి చిక్కాడు. మూడు పదులు తీసి బల్ల మీద పెట్టాడు.

"నా జేబులోవే. తీసుకుని నన్నొగ్గీ బావా. ప్రమోషన్ ఆగిపోనాది."

ఆ రోజు షెడ్డులో కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు.

"నాను నీకు అప్పివ్వలేదు. నాకు రావాల్సింది కంపెనీ నుంచి," అన్నాను.

"కంపెనీ ఇవ్వదని నీకు తెలుసు గదా?"

"తెలుసు."

అతను నోట్లు మడిచి తీసుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడికో బదిలీ అయ్యాడు. సంఘం పాలసీ మార్చింది, ఫైలు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. ఓచరు మీద నా సంతకం ఉంది కాబట్టి చట్టప్రకారం నాకు ఏమీ రాదు. నా లెక్క ప్రకారం, ఈ రోజుకీ, ముప్పై రూపాయలు.