ఒకటి ఎక్కడికి పోవాలి

మా మ్యాథ్ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరమే తెలుగువాళ్ళం. నాది ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్టు. ఆ ఫస్టును ఎనభైల మొదట్లో అమెరికా దాకా మోసుకొచ్చి, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి. అతనిది గుంటూరు. సెకండ్ క్లాసు. నెమ్మదిగా చదివేవాడు, చదివింది మరిచేవాడు కాదు. ఆ నెమ్మదిని నేను మందబుద్ధి అనుకునేవాణ్ణి.

పీహెచ్‌డీకి ముందు క్వాలిఫయింగ్ పరీక్ష ఒకటుంటుంది. రెండుసార్లు తప్పితే ఇంటిదారే. నాకది మొదటిసారి. అతనికి రెండోసారి.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం స్టూడెంట్స్ లౌంజ్‌లో, కాఫీ మెషీన్ పక్కన, అతను రింగ్ హోమోమార్ఫిజంలు చదువుకుంటున్నాడు. రింగ్ అంటే కూడికా గుణకారమూ చేసుకోగల అంకెల్లాంటి వాటి గుంపు; ఒక రింగ్‌లోని వాటిని ఇంకో రింగ్‌లోకి పంపే పద్ధతి హోమోమార్ఫిజం. కూడి పంపినా, పంపి కూడినా ఫలితం ఒకటే కావాలి. గుణకారానికీ అంతే.

"ఒకటిని ఒకటికే పంపాలి, అంతేగా గురూ?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ప్రొఫెసరే చెప్పాడు. డెఫినిషన్‌లోనే ఉంది."

"డెఫినిషన్‌లో ఎవడికి తోచింది వాడు పెట్టుకుంటాడు. ప్రూవ్ చెయ్యి చూద్దాం."

అతను గోడకున్న బోర్డు దగ్గరకు వెళ్ళాడు. "ఒకటి వెళ్ళినచోటు ఎక్స్ అనుకో. ఒకటిని దేంతో గుణించినా అదే వస్తుంది. కాబట్టి ఎక్స్ కూడా అక్కడ అలాగే పనిచెయ్యాలి. అంటే అదే అక్కడి ఐడెంటిటీ, అక్కడి ఒకటి."

"ఇక్కణ్ణించి వెళ్ళినవాటి మీద పనిచేస్తుంది. వెళ్ళనివాటి సంగతో? ఆ మాత్రం తెలీకుండానే రెండోసారి రాస్తున్నావా?"

సుద్దముక్క లాక్కున్నాను. పూర్ణాంకాల నుంచి పూర్ణాంకాల జంటల్లోకి ఎన్ అనే అంకెను (ఎన్, సున్నా)కి పంపాను. "కూడికలు కుదిరాయా? గుణకారాలు కుదిరాయా? ఒకటి ఎక్కడికి పోయింది? (ఒకటి, సున్నా)కి. అక్కడి ఐడెంటిటీ (ఒకటి, ఒకటి). ఇప్పుడు చెప్పు."

అతను బోర్డు మీది సున్నాను చూపించాడు. "కానీ దీన్ని ఒప్పుకుంటే ప్రైమ్ ఐడియల్స్ థియరంతో చిక్కొస్తుంది కదా, అక్కడి ప్రైమ్ ఐడియల్ ప్రీఇమేజ్ ఇక్కడా ప్రైమే కావాలన్నదానితో. రెండో అంకె సున్నా అయిన జంటలన్నీ కలిపితే ప్రైమ్ ఐడియల్. దాని ప్రీఇమేజ్, అంటే అందులోకి వెళ్ళినవన్నీ తీస్తే పూర్ణాంకాలన్నీ వచ్చేస్తాయి. మొత్తం రింగ్‌ని ప్రైమ్ అనలేం. అందుకే ఒకటి ఒకటికే పోవాలని పెట్టుకున్నారేమో."

ఆ గదిలో ఆ మధ్యాహ్నం ఎవరైనా తెలివైన మాట అన్నారంటే అదొక్కటే. నాకది ఆ క్షణంలోనే తెలుసు. అయినా నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"థియరం నిలబడట్లేదని డెఫినిషన్ మార్చుకోవడం సెకండ్ క్లాసు లెక్కలు," అన్నాను, ఈసారి ఇంగ్లీషులో, అందరికీ వినబడాలని. కాఫీ పోసుకుంటున్న ఇద్దరు అమెరికన్లు నవ్వారు. అతనూ నవ్వాడు. తన నోట్సులో ఒకటి ఒకటికే పోవాలన్న వాక్యాన్ని పెన్నుతో కొట్టేశాడు.

మర్నాడు ఆల్జీబ్రా పేపర్లో నాలుగో ప్రశ్న: పూర్ణాంకాల నుంచి పూర్ణాంకాల జంటల్లోకి రింగ్ హోమోమార్ఫిజంలు ఎన్ని? మొదటి పేజీ సూచనల్లో ఒక వరుస ఉంది: ఈ పేపర్లో ప్రతి రింగ్‌కీ ఐడెంటిటీ ఉంటుంది, హోమోమార్ఫిజం ఐడెంటిటీని ఐడెంటిటీకే పంపుతుంది. నేను చదివాను. గొప్ప సిద్ధాంతవాదిని కదా, నోరు మూసుకుని 'ఒకటే' అని రాసి కింది ప్రశ్నకి దిగిపోయాను.

అతను తప్పాడు. ఒక్క ప్రశ్న తేడా. ఫలితాలొచ్చిన రోజు తన పేపర్ చూపించాడు. ముందు 'ఒకటి' అని రాసి, కొట్టేసి, 'నాలుగు' అని రాశాడు. తనతో తాను గుణించుకున్నా మారని జంటలు నాలుగేనని, ఒకటిని వాటిలో దేనికైనా పంపొచ్చని, ఎక్కడా వేలుపెట్టడానికి లేకుండా నిరూపించాడు. పక్కన ఎర్ర ఇంకుతో 'సూచనలు చూడు' అని ఉంది.

"ఆ లైన్ చూశాను గురూ. చూసి కూడా, నువ్వు చెప్పిందే అసలు మ్యాథ్ అనిపించింది," అన్నాడు. "నువ్వెన్ని రాశావు?"

"నాలుగే," అన్నాను.

అతని మొహం తేటపడింది. "అయితే మన తప్పేం లేదు. వీళ్ళకి కావలసింది రూల్సు, మ్యాథ్ కాదు. నీకు మిగతావి బాగా వచ్చాయి కాబట్టి గట్టెక్కావు." నా భుజం తట్టాడు. అవునన్నాను.