సంతకం పడని సున్నాలు

ఆదివారం కొట్టు మధ్యాహ్నం రెండింటికే మూస్తారని పేరు. మూసేది షట్టరును మాత్రమే. అది సగానికి దిగిన తరువాతే కౌంటరు దగ్గర హేమమాలినికి అసలు పని మొదలవుతుంది.

వేలూరు బజారు వీధిలో బలరామయ్యది పెయింట్లు, ఇనుప సామాన్ల కొట్టు. హేమమాలిని అక్కడ నాలుగేళ్లుగా బిల్లులు వేస్తోంది. రోజు చివర మూడు లెక్కలు కలవాలి: కంప్యూటరులో పడిన బిల్లులు, గల్లాపెట్టెలోని నగదు, కార్డు గీకే మిషన్ చూపించే మొత్తం. మూడూ ఒకే మాట మీద నిలబడితే ఆమె ఇంటికి పోవచ్చు. ఏ ఒక్కటి అడ్డం తిరిగినా తన ఊరు గుడియాత్తం పోయే బస్సు తప్పిపోయినట్టే.

ఆ రోజు బస్సు కంటే పెద్దదే తప్పిపోయేలా ఉంది. గుడియాత్తంలో బలరామయ్య కొత్త కొట్టు తెరుస్తున్నాడు, ఆమె ఇంటికి పది నిమిషాల నడక. రోజూ రెండున్నర గంటలు బస్సుల్లో వేలాడటం తప్పుతుంది, కౌంటరుకు తానే పెద్ద అవుతుంది. "ముప్పై దినాలు కణక్కు సరిగా చూపించమ్మా, ఆ కొట్టు నీకే" అన్నాడాయన, లెక్కకు తమిళ మాట వాడుతూ. ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. లెక్కల పుస్తకంలో తేడా అని రాసే గడిలో ఇరవై తొమ్మిది సున్నాలు ముత్యాల్లా వరుసగా కూర్చున్నాయి. ఇది ముప్పయ్యో రోజు.

ఆమె కంప్యూటరులో ఆ రోజు నగదు అమ్మకం తీసింది. 41,330. పొద్దున పెట్టెలో ఉంచిన చిల్లర రెండు వేలు కలిపి, ఆటోకూ టీకీ పోయిన నూట ఎనభై తీసేస్తే పెట్టెలో 43,150 ఉండాలి. ఉన్నవి 39,293.

మళ్లీ లెక్కపెట్టింది. నోట్లు అంతే ఉన్నాయి. 3,857 తక్కువ. ఆమె జీతమే నాలుగున్నర వేలు.

"ఎంతమ్మా?" అన్నాడు బలరామయ్య, లోపలి నుంచి.

"చూస్తా ఉండాను అన్నా" అంది. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. రెండు నలభైకి బస్సు.

పెట్టె సొరుగు బయటికి లాగి వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఒక రబ్బరు బ్యాండు, చచ్చిన బొద్దింక దొరికాయి. వంద నోట్ల కట్టలో ఐదు వందల నోటు దూరిందేమోనని ఒక్కో కాగితం విప్పింది. లేచింది, కూర్చుంది, నీళ్లు తాగింది. దొంగతనం చేయకపోయినా బలరామయ్య ఉన్న వైపు చూడలేకపోవడమెందుకో ఆమెకు అర్థం కాలేదు. నిజానికి కొంచెం అర్థమయింది కూడా. ఆ సంగతికి తరువాత వస్తాను.

చివరికి కార్డు మిషన్ గుర్తొచ్చింది. రోజు మొత్తాన్ని బ్యాంకుకు పంపే ముందు లెక్క ఒకసారి అచ్చు తీసి చూసుకోవడం అలవాటు. తీసింది. మిషన్ 16,300 అంటోంది. కంప్యూటరులో కార్డు అమ్మకం 12,450 మాత్రమే. ఇక్కడ 3,850 ఎక్కువ.

అక్కడ తక్కువ, ఇక్కడ ఎక్కువ. అంటే ఎవరో కార్డు గీకారు, బిల్లులో మాత్రం నగదు అని పడింది. హేమమాలిని సంతకాల చీటీలన్నీ పరిచి, ఒక్కోదాన్ని బిల్లుతో జతపెట్టింది. తొమ్మిది చీటీలకు ఎనిమిది కార్డు బిల్లులు. మిగిలిన చీటీ మీద మోహన్‌రాజ్ అని సంతకం, 3,850 రూపాయలు, పొద్దున ఎనిమిదీ ఇరవై. అదే మొత్తం ఉన్నది ఒకటో నంబరు బిల్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

ఎనిమిదీ ఇరవైకి ఆమె ఇంకా బస్సులోనే ఉంది. కౌంటరులో కూర్చున్నది బలరామయ్యే.

"అన్నా, మొదటి బిల్లు మీరు వేసినారా?"

"ఆ. మోహన్‌రాజ్ ఇంజనీరు. ప్రైమర్ డబ్బాలు తీసుకుపోయినాడు. కార్డు ఇచ్చినాడు."

"మరి బిల్లులో నగదు అని పడిందే?"

బలరామయ్య బయటికొచ్చి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి ముఖం తప్పు చేసిన బడిపిల్లాడిలా అయింది. "నేనే నొక్కినానమ్మా. బోణీ బేరం. పొద్దున్నే కార్డని రాస్తే అప్పుకిచ్చినట్టు ఉంటాదని, నగదు మీట నొక్కితిని. దేవుడికి మంచిగా కనపడుతుంది అనుకుంటిని."

దేవుడికి కనపడింది బాగానే ఉంది. ఇంతసేపూ ఆమె ప్రాణం తోడేసింది ఆ మీటే. ఒక్క క్షణం ఆమెకు ఒళ్లు మండింది.

"తప్పు నాదే" అన్నాడాయన, నీళ్లు నమలకుండా. బిల్లు దిద్దాలంటే యజమాని పాస్‌వర్డు కావాలి. కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, నగదును కార్డుగా మార్చాడు. నగదు అమ్మకం 37,480కి దిగింది. కార్డు 16,300 అయి మిషన్‌తో కలిసింది. ఆమె మిషన్ లెక్కను బ్యాంకుకు పంపి, వచ్చిన చీటీని పుస్తకానికి గుచ్చింది.

ఇప్పుడు పెట్టెలో ఉండాల్సింది 39,300. ఉన్నది 39,293. ఏడు రూపాయలు తక్కువ.

అవి ఎలా పోయాయో ఆమెకు తెలుసు. ఊళ్లో చిల్లర కరువు. అరవై మూడు బిల్లుకు అరవై ఇచ్చి "వదిలేయమ్మా" అని పోయేవాళ్లు రోజుకు ఇద్దరైనా ఉంటారు. కౌంటరు కింద ఒక పాత పసుపు డబ్బా ఉంది. ఎక్కువొచ్చిన రోజు మిగిలింది అందులోకి, తక్కువైన రోజు అందులోంచి పెట్టెలోకి. డబ్బా ఖాళీ అయితే సొంత పర్సులోంచి. ఇరవై తొమ్మిది సున్నాలూ అలా పుట్టినవే. ఇందాక ఆయన వైపు చూడలేకపోయింది అందుకే. తాను ఒక్క రూపాయీ తినలేదు, ఎదురు తన డబ్బే పెట్టుకుంది. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుండేది.

బలరామయ్య అటు తిరిగి దేవుడి పటం ముందు దీపం సవరిస్తున్నాడు. ఆమె చెయ్యి డబ్బా దాకా వెళ్లింది. ఏడు నాణేలు గుప్పిట్లోకి వచ్చాయి. రెండు గంటల ముప్పై రెండు. పెట్టెలో వేసి సున్నా రాస్తే పని అయిపోయినట్టే, గుడియాత్తం చేతికొచ్చినట్టే.

వేల రూపాయల తప్పును ఆయన ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. తాను ఏడు రూపాయలకు దాగుడుమూతలు ఆడుతోంది. ఆమెకు సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు. నాణేలను డబ్బాలోనే వేసి, గడిలో 'ఏడు తక్కువ' అని రాసింది. రాసిన చేతితోనే డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది.

"అన్నా, ఆ సున్నాలు నావి కావు. ఈ డబ్బావి. నెలలో నా కాసు నూట పన్నెండు రూపాయలు దీంట్లో పోయినాయి. ఇంక మీ ఇష్టం."

బలరామయ్య డబ్బాను చూడలేదు. పుస్తకం తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిప్పాడు. అప్పుడు తట్టిందామెకు. యజమాని సంతకం గడి ఇరవై తొమ్మిది రోజులూ ఖాళీగా ఉంది. తీరిక లేక చేయలేదనుకుంది ఇన్నాళ్లూ.

"నలభై ఏండ్లుగా గల్లాలో కూర్చోని ఉండాను" అన్నాడాయన. "చిల్లర లేని ఊర్లో ఏ పెట్టే నెలంతా సున్నా చూపించదు. ఏమో మరుగున ఉండాదని తెలుసు, ఏదని తెలియలా. ఈ సాయంత్రం ఆ కొట్టు వేణుగోపాల్‌కు ఇస్తానని చెప్దామని ఉంటిని."

వేణుగోపాల్ గోడౌను చూసేవాడు. అన్ని నాణేలూ పోసి తాను కొనుక్కున్నది తన మీది అనుమానాన్నే.

"సరిగా చూపించమంటిని గానీ, సున్నా చూపించమంటినా?"

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. 'ఏడు తక్కువ' పక్కన ఖాళీ గడిలో, తొందర లేకుండా, తమిళంలో పూర్తి పేరు రాసి కింద గీత గీశాడు.

"బుధవారం గుడియాత్తంలో తాళాలు ఇస్తాను. ఈ డబ్బా మాత్రం నాకాడ ఉండనీ. ఆ నూట పన్నెండు అడగొద్దమ్మా, అది నీ పాఠానికి ఫీజు."

బస్సు కదులుతుండగా అందుకుంది. చిల్లర లేదని కండక్టరు టిక్కెట్టు వెనక మూడు రూపాయలు బాకీ రాసిచ్చాడు. ఎప్పుడూ మొహమాటంతో వదిలేసి దిగిపోయే హేమమాలిని, గుడియాత్తంలో మెట్టు మీద నిలబడి, ఆ మూడు రూపాయలూ అడిగి తీసుకుంది.